పెద్దాయన ‘సరే’ ఎంతవరకు చెల్లుతుంది? ఫ్లోరైడ్ అధ్యయనంలో సమ్మతి అడిగిన ఒక సంభాషణ

ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, కనిగిరి వైపున్న ఒక పల్లెలో మేము ఒక చిన్న అధ్యయనం చేశాం. దానికి ముందు ఆ ఊరి పెద్దాయనతో జరిగిన సంభాషణను, అందులో నేను చేసిన ఒక పొరపాటును, దానిని దిద్దుకున్న తీరును ఇక్కడ రాస్తున్నాను. ఊరిని గానీ మనుషులను గానీ గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను. మాటలు మాత్రం ఏ పూటకాపూట నోట్‌బుక్‌లో రాసుకున్నవే. వాటిని ఎక్కువగా దిద్దలేదు, ఎందుకంటే ఈ కేసులో తేడా అంతా మాటల్లోనే ఉంది.

అధ్యయనం ఏమిటో ముందు చెప్పాలి. ఈ ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు కాబట్టి చాలా ఇళ్లలో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుని తాగుతున్నారు. అయితే అన్నం, పప్పు, పులుసు వండేది ఎక్కువగా బోరు నీళ్లతోనే. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటితో పాటు అందులోని ఫ్లోరైడ్ కూడా కడుపులోకి పోతుంది. తాగే నీళ్లు మారినా వండే నీళ్లు మారని ఇంట్లో ఒంటికి ఎంత ఫ్లోరైడ్ చేరుతోందన్నది మా ప్రశ్న. దానికోసం ఒక్కో ఇంట్లో బోరు నీళ్ల నమూనా ఒకటి, పద్దెనిమిదేళ్లు దాటిన వారిలో ఇష్టపడిన వారి నుంచి ఉదయం పూట మూత్రం నమూనా ఒకటి కావాలి. ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారో ఒక ఇరవై నిమిషాలు అడగాలి. మూత్రమే ఎందుకంటే, ఇటీవల లోపలికి పోయిన ఫ్లోరైడ్‌లో పెద్ద భాగం దాని ద్వారానే బయటకు వస్తుంది. రెండు నమూనాలనూ ప్లాస్టిక్ సీసాల్లోనే తీసుకుంటాం. ఫ్లోరైడ్ గాజుతో కలిసే గుణం కలది, కాబట్టి గాజు సీసాలో పెడితే లెక్క తేడా వచ్చే ప్రమాదం ఉంది.

ఆ పెద్దాయనకు పదవి ఏమీ లేదు. సర్పంచ్ గారి దగ్గర, పంచాయతీ కార్యదర్శి దగ్గర కాగితం మీద అనుమతి ముందే తీసుకున్నాం. అయినా గట్టు తగాదాలు, భాగాల పంపకాలు తీరేది ఈయన ఇంటి అరుగు మీదే కనుక ఆయనతో మాట్లాడకుండా ఇంటింటికీ తిరిగితే, ఏ గడపలోనైనా మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న “పెద్దాయనకు చెప్పారా?” అనే ఉంటుంది. అందుకని ఒక సాయంత్రం, ఆయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక వెళ్లాను.

“ఏ ఊరమ్మా మీది? ఏం పని మీద వచ్చినారు?”

“నమస్కారం పెద్దయ్యా. మాది ఒంగోలు దగ్గర పల్లె. నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ వంట వల్ల ఒంట్లోకి ఎంత పోతోందో తెలుసుకోవడానికి వచ్చాం. సర్పంచ్ గారిని కలిశాం. మీతో కూడా మాట్లాడి, మీరు అడిగేవి విని, ఆ తర్వాతే ఊళ్లోకి పోదామని వచ్చాను.”

“ఫ్లోరైడా! మా నాయన కాలం నుంచీ వస్తానే ఉన్నారు. సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు. పిల్లోళ్ల పళ్లు చూస్తారు. మళ్లీ మొహం చూపించరు. మీరు గూడా అంతేనా?”

ఇది కోపంతో అన్న మాట కాదు, ఉన్న సంగతి. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలినాళ్లలో వెలువడిన ముఖ్యమైన వైద్య నివేదిక 1937 నాటిది. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి రాశారు. ఈ పడమటి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. తరువాత ప్రకాశంగా పేరు మారిన ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే ఈ ప్రాంతం వాళ్లను ‘చూసిపోయే’ వాళ్ల వరుస మూడు తరాలుగా సాగుతోంది. అటువంటి చోట, ఫలితాలు తెచ్చి ఇస్తామనే మాట సమ్మతి పత్రంలో చివరి పేరాలో ఉండకూడదు, మొదటి మాటగా రావాలి. అందుకని అదే ముందు చెప్పాను.

“నీళ్ల ఫలితం ఏ బోరుది ఆ బోరు వాళ్లకు కాగితం మీద రాసి తెచ్చి ఇస్తాం పెద్దయ్యా. మూత్రం ఫలితం ఎవరిది వాళ్లకే చెబుతాం. దానికి మూడు నెలలు పడుతుంది. అంతకు మించి మేం చేయగలిగింది లేదు. మందులు ఇవ్వం. కొత్త ప్లాంటు పెట్టించలేం.”

“మందులియ్యకపోతే మా వాళ్లెందుకు వస్తారు?”

“రాకపోవచ్చు. అది వాళ్ల ఇష్టం. ఇది వైద్యం కాదు. మీ ఊరి నుంచి తెలుసుకున్నది మాకు పనికొస్తుంది, ముందు ముందు వండే నీళ్ల గురించి ఏం చేయాలో అనుకునే వాళ్లకు పనికొస్తుంది. ఇచ్చిన వాళ్లకు వెంటనే ఒరిగేది మాత్రం ఆ కాగితమే.”

“ఒంటేలు పరీక్ష అంటున్నావు గదా. కిడ్నీ సంగతి గూడా తెలుస్తుందిలే.”

ఇక్కడ ఆగి రాయవలసిన విషయం ఒకటి ఉంది. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఉన్నాయి. ‘క్రియాటినిన్’ అనే మాట వాళ్లకు డాక్టరు మాట కాదు, ఇంటి మాట. “ఆయనకు క్రియాటిన్ ఆరుకు వచ్చింది” అని ఆడవాళ్లు కూడా మాట్లాడుకుంటారు. మా సమాచార పత్రంలో మూత్రంలో ఫ్లోరైడ్‌తో పాటు క్రియాటినిన్ కూడా కొలుస్తామని ఒక వాక్యం ఉండేది. మేము దానిని కొలిచేది మూత్రం ఎంత పలచగా, ఎంత చిక్కగా ఉందో తెలుసుకుని ఫ్లోరైడ్ లెక్కను సరిచేయడానికి. కిడ్నీ పనితీరు చెప్పే అంకె రక్తంలో కొలిచే క్రియాటినిన్ నుంచి వస్తుంది, ఇలా ఒకసారి తీసిన మూత్రంలోని దాని నుంచి రాదు. పత్రం రాసినప్పుడు అది నిజమైన, నిర్దోషమైన వాక్యంగానే కనిపించింది. ఈ ఊరిలో అదే వాక్యం చదివిన మనిషికి మాత్రం ‘ఉచితంగా కిడ్నీ పరీక్ష’ అనే అర్థం వస్తుంది. ఆ ఆశతో చేసిన సంతకం సమ్మతి కాదు. పైగా ఫలితం కాగితంలో ఆ అంకె లేకపోతే ‘నాకు కిడ్నీ బాగానే ఉందట’ అని ఎవరైనా అనుకుంటే అది ప్రాణం మీదికి వచ్చే అపోహ.

“తెలియదు పెద్దయ్యా. కిడ్నీ ఎట్లా ఉందో ఇందులో తెలియదు. షుగరు కూడా తెలియదు. అనుమానం ఉన్నవాళ్లు ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేయించుకోవాల్సిందే. మా సీసాలో ఇంకేం కొలిచినా అది ఫ్లోరైడ్ లెక్క సరిచూసుకోవడానికే. మిగిలిన మూత్రం పని అయిపోగానే పారబోస్తాం, ఇంకో పరీక్షకు వాడం.”

“నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడు పోదా?”

“పోదు. కాచితే నీళ్లు కొంత ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది. ఉన్న నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది.”

ఈ జవాబు చెప్పాలా వద్దా అని మా బృందంలో తరువాత చర్చ జరిగింది. నమూనాలు తీయకముందే ఇటువంటివి చెబితే జనం అలవాటు మార్చుకుంటారు, అప్పుడు మనం కొలిచేది వాళ్ల మామూలు రోజు కాదన్నది ఒక వాదన. అది అర్థం లేని వాదన కాదు. కానీ అడిగిన మనిషికి తెలిసిన నిజం చెప్పకుండా దాచి, ఆ దాచిన దాని మీద ఆయన అనుమతి కోరడం నాకు సరిగా తోచలేదు. అడగనిది నేనుగా బోధించలేదు, అడిగినది దాచలేదు.

“సరే. మా ఇంట్లో ఆ బెడద లేదులే. అంతా క్యాన్ నీళ్లే. ఇంకోటి చెప్పు. దీన్ని పుస్తకంలోనో పేపర్లోనో వేస్తారు గదా. ఎవరి పేరూ రాయమని చెప్పినావు. మరి ఊరి పేరు?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా పత్రంలో వ్యక్తి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు బయటపెట్టబోమని ఉంది. ఊరి పేరు గురించి ఒక్క మాట లేదు. అంతకు ముందు ఇటువంటి పనుల్లో మేము ఊళ్ల పేర్లతో పట్టిక వేసేవాళ్లం, పటం మీద చుక్క పెట్టేవాళ్లం.

“ఊరి పేరు వేస్తే ఏమవుతుందని మీ అనుమానం పెద్దయ్యా?”

“ఏమవుతుందా? ఇప్పటికే మా ఊరికి పిల్లనియ్యమంటే ముందూ వెనకా చూస్తున్నారు. మీ ఊళ్లో నడుములు వంగిపోతాయంట గదా అంటారు. మా పిల్లల్ని చూడటానికొచ్చినోళ్లు ముందు పళ్లు చూస్తున్నారు తల్లీ. మీరు అచ్చులో వేస్తే ఇంక చెప్పబనిలేదు. మడిసికి పేరు ఎట్టనో ఊరికి పేరు అట్టనే.”

పరిశోధన వల్ల కలిగే నష్టం అనగానే మేము ఎప్పుడూ ఆలోచించేది సూది నొప్పి గురించి, ఒక మనిషి రహస్యం బయటపడటం గురించి. ఎవరి పేరూ బయటపడకుండానే ఊరు మొత్తానికి కలిగే నష్టం ఒకటి ఉంటుంది. దానికి ఒక్కొక్కరి సంతకమూ జవాబు కాదు. నమూనా ఇవ్వనన్న ఇంటి ఆడపిల్లకు కూడా ఆ నష్టం తగులుతుంది. ఊరి పెద్దతో మాట్లాడటానికి మర్యాదను మించిన కారణం ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఊరు ఉమ్మడిగా మోసే కష్టం గురించి ఊరి తరఫున మాట్లాడగలిగిన వాళ్లను అడగాలి.

“దీనికి ఇప్పుడు నేను మాట ఇవ్వలేను పెద్దయ్యా. ఇచ్చే అధికారం నాకు లేదు. మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయి మా పెద్దలకు, ఎథిక్స్ కమిటీకి చూపిస్తాను. వాళ్లు ఏమన్నారో వచ్చి చెబుతాను. అంతవరకు ఊళ్లో పని మొదలుపెట్టం.”

“నీళ్లిచ్చేవాడికి చెప్పండి. పేపరోడికి వొద్దు. అంతే నేననేది.”

ఆయన రెండు ముక్కల్లో చెప్పిన ఈ తేడాయే చివరికి మా సవరణ అయింది. ప్రచురించే చోట ఊరికి ఒక అక్షరం మాత్రమే ఉంటుంది, పటంలో చుక్క ఉండదు, పట్టణం నుంచి దూరం రాయం, జనాభా సరిగ్గా రాయక దగ్గరి అంకె రాస్తాం. నీళ్ల ఫలితాలు మాత్రం ఊరి పేరుతో సహా పంచాయతీకి, తాగునీటి శాఖకు ఇస్తాం. ఎందుకంటే ఆ పేరు లేకుండా ఎవరూ నీళ్లు ఇవ్వలేరు. కమిటీ ఆమోదం రాకుండా సవరించిన పత్రం వాడకూడదు కాబట్టి ఐదు వారాలు ఆగాం. అదే సవరణలో క్రియాటినిన్ వాక్యాన్ని తిరగరాసి, ‘ఇది కిడ్నీ పరీక్ష కాదు, షుగరు పరీక్ష కాదు’ అని పెద్ద అక్షరాల్లో చేర్చాం. ‘స్వచ్ఛందంగా పాల్గొనుట’, ‘సమ్మతిని ఉపసంహరించుకొనుట’ వంటి మాటలు పోయి ‘మీకు ఇష్టమైతేనే’, ‘మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చు’ అనే మాటలు వచ్చాయి. కాగితం మీద ఎంత శుద్ధంగా ఉన్నా, అరుగు మీద చదివి వినిపించినప్పుడు వినేవారు తల ఊపడం తప్ప ఇంకేమీ చేయలేని మాటలు అవి.

రెండోసారి వెళ్లి ఇదంతా చెప్పాను. ఒకటి మాత్రం దాచలేదు. ఊరి పేరు మేము వేయకపోయినా, మా బండి ఊళ్లోకి రావడం పది మంది చూస్తారు, పంచాయతీకి ఇచ్చిన కాగితం ఎవరి చేతికైనా పోవచ్చు, విలేకరికి తెలియకుండా కాపలా కాయగల శక్తి మాకు లేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అది మా వాళ్ల నోరు. నీ బాధ్యత గాదు” అన్నారు. తరువాత, “రేపు పొద్దున అందర్నీ ఇక్కడికి పిలిపిస్తా. ఒక్క పూటలో అయిపోద్ది” అన్నారు.

నేను వద్దని గట్టిగా చెప్పవలసింది. ఐదు వారాల ఆలస్యం మనసులో ఉంది, ఆయన మంచి మనసుతో అన్నారన్న మొహమాటం ఉంది. “మీ దయ పెద్దయ్యా” అని వచ్చేశాను. ఈ కేసులో తప్పు జరిగింది అక్కడే, అది నాదే.

మరునాడు తెల్లవారేసరికి రామాలయం మైకులో చాటింపు వినిపించింది. “డాక్టర్లు వచ్చినారు, ఇంటికొకరు వచ్చి సంతకం పెట్టిపోవాల” అని. మేము డాక్టర్లం కాము. ఇంటికొకరు అని మేము అడగలేదు. సంతకం అనేది ఆఖరి మెట్టు. ఆ చాటింపులో ఒక్క మాట కూడా మా అధ్యయనానిది కాదు. తొమ్మిదింటికల్లా అరుగు ముందు నలభై మంది దాకా చేరారు. పెద్దాయన కుర్చీ వేసుకుని మా బల్ల పక్కనే కూర్చున్నారు. గంటలో ఇరవై మూడు పత్రాలు నిండాయి.

ఆ గంటలోనే నాకు ఏదో సరిగా లేదనిపించింది. ఎందుకు అనిపించిందో చెప్పగలను. మా పత్రాన్ని నిదానంగా చదివి వినిపించడానికే ఎనిమిది నిమిషాలు పడుతుంది. గంటకు ఇరవై మూడు అంటే మనిషికి మూడు నిమిషాలు కూడా లేవు. అంటే మా వాళ్లు చదవడం మానేసి వేలు చూపించడం మొదలుపెట్టారు. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. అడిగిన ఒకే ఒక్క ఆమె అడిగింది, “రేషను కార్డు తేవాల్నా?” అని. వేలిముద్ర అంటే వాళ్లకు రేషను యంత్రం, బ్యాంకు అప్పు, భూమి కాగితం. ఏదో ఒకటి పోతుందనో వస్తుందనో వేసేది తప్ప, ‘నాకు అర్థమైంది, నాకు ఇష్టమే’ అని చెప్పడానికి వేసేది కాదు. ఇక వేలిముద్ర వేసే ముందు ప్రతి ఒక్కరూ ఒకసారి పెద్దాయన ముఖం వైపు చూశారు. అది చూసిన తరువాత నేను బల్ల దగ్గర ఉండలేకపోయాను.

“సరే” అనే మాట గురించి కూడా చెప్పాలి. మన వైపు పెద్దల ముందు ఎవరూ “వద్దు” అనరు. వద్దనడానికి వేరే మాటలు ఉన్నాయి. “చూద్దాంలే”, “మా ఆయన్ని అడిగి చెబుతా”, “ఇప్పుడు పనుంది”, “మీరు చెప్పినాక కాదంటామా” — వీటిలో ఏదీ సమ్మతి కాదు. చివరిదైతే సమ్మతి కాదని గట్టిగా చెప్పే మాట, కానీ పత్రం నింపే తొందరలో ఉన్న క్షేత్ర కార్యకర్తకు అదే అందరికంటే మర్యాదైన అంగీకారంలా వినిపిస్తుంది. ఆ ఉదయం నేను దానిని కనీసం ఐదారు సార్లు విన్నాను.

పని ఆపించి, నిండిన పత్రాలను కవరులో పెట్టి, జనానికి ఎండ ఎక్కుతోందని చెప్పి పంపించాను. సాయంత్రం మళ్లీ అరుగు ఎక్కాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నారు.

“ఏంది తల్లీ, వచ్చినోళ్లను పంపించేసినావంట. నా మాట మీద నమ్మకం లేదా?”

“మీ మాట మీద నమ్మకం ఉండబట్టే ఊళ్లోకి వచ్చాం పెద్దయ్యా. ఊరు గురించి మీరు చెప్పింది నాకు చాలు. కానీ ఒంట్లో నుంచి తీసి ఇచ్చేదానికి ఎవరికి వాళ్లే చెప్పాలి. మీ ముందు ఎవరైనా వద్దనగలరా, మీరే చెప్పండి.”

“నా ముందు ఎందుకంటారు?”

“అదే పెద్దయ్యా నా ఇబ్బంది. వద్దనడానికి వీల్లేని చోట సరే అంటే అది సరే కింద లెక్క కాదు.”

“అయితే ఇప్పుడేం చేస్తావు?”

“ఈ కాగితాలు ఏవీ వాడను. మళ్లీ మొదటి నుంచి, ఇంటింటికీ పోయి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. మీరు మాతో రావద్దని అడగడానికి వచ్చాను. కోపం తెచ్చుకోవద్దు.”

“ఎవరు కాదన్నారో నాకు చెప్పవా?”

“చెప్పను పెద్దయ్యా. ఔనన్న వాళ్ల పేర్లు కూడా చెప్పను.”

చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడకుండా కూర్చోవడం ఈ పనిలో నేర్చుకోవలసిన వాటిలో కష్టమైనది. ఆ ఖాళీని నింపడానికి మనం చెప్పే ప్రతి మాటా బతిమాలడం అవుతుంది.

“ఓటు మాదిరన్నమాట” అన్నారు చివరికి. “ఊరంతా ఒక మాట మీదుంటాం. లోపలికి పోయినాక ఎవరికేసినారో ఎవరికి తెలుసు.”

“అంతే పెద్దయ్యా.”

“మరి నా సంగతి? నేను గూడా వొద్దనొచ్చునా?”

“మీరైనా అంతే.”

“అయితే ఒంటేలు నేనియ్యను. నీళ్లు పట్టుకుపో.”

ఆయన ఎందుకు వద్దన్నారో నేను అడగలేదు. కారణం అడిగితే, చెప్పిన కారణానికి సమాధానం చెప్పాలనిపిస్తుంది, అక్కడి నుంచి ఒత్తిడి మొదలవుతుంది. ఇలా ఆయన నిరాకరణను రాయడానికి కూడా తరువాత ఆయన దగ్గరే విడిగా అనుమతి తీసుకున్నాను. “రాసుకో, పెద్దోడే వొద్దన్నాడంటే చిన్నోళ్లకు ధైర్యం వస్తది” అన్నారు. ఊరికి అనుమతి ఇచ్చిన మనిషే తన మటుకు తాను వద్దనవచ్చునన్న సంగతిని నేను ఎంత వివరించినా అంత స్పష్టంగా చెప్పలేకపోయేదాన్ని.

నిబంధన ఇక్కడ స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం సముదాయ పెద్ద అనుమతి అవసరమైన చోట అది తీసుకోవాలి, కానీ అది ఒక్కొక్కరి సమ్మతికి బదులు కాదు. ఈ నిబంధన నాకు ముందే తెలుసు, శిక్షణలో ఇతరులకు చెప్పినదాన్నే. తెలిసి ఉండడానికీ, ఒక పెద్దమనిషి ఆప్యాయంగా సాయం చేస్తానన్నప్పుడు ఆపగలగడానికీ మధ్య దూరం ఉంది.

ఇరవై మూడు పత్రాలను చించలేదు. చించితే జరిగింది కప్పిపుచ్చినట్టవుతుంది. వాటి మీద ‘చెల్లదు’ అని రాసి, తేదీ వేసి, కవరుకు సీలు వేసి, జరిగింది జరిగినట్టు కమిటీకి నివేదించాం. తరువాత ఇంటింటికీ వెళ్లాం. ఆ ఇరవై మూడు మందిని కూడా మళ్లీ కొత్తగా అడిగాం. వాళ్లలో పదిహేడు మంది ఒప్పుకున్నారు. ఆరుగురు వద్దన్నారు. ఆ ఉదయం వేలిముద్ర వేసిన ఆరుగురు. ఈ ఒక్క అంకె కోసమే నేను ఈ కేసు రాస్తున్నానని చెప్పినా తప్పు లేదు.

ఇంటి దగ్గర అడిగే పద్ధతి కూడా మార్చాం. పత్రం చదివాక “అర్థమైందా?” అని అడగడం మానేశాం. ఆ ప్రశ్నకు “ఆ” తప్ప వేరే జవాబు రాదు. దాని బదులు, “సాయంత్రం మీ ఇంటాయన వచ్చి ఈ అమ్మాయిలు ఎందుకొచ్చారని అడిగితే ఏం చెబుతారు?” అని అడిగేవాళ్లం. ఆమె తన మాటల్లో చెప్పే జవాబులో మూడు సంగతులు ఉండాలి: ఇది వైద్యం కాదు, వద్దంటే ఏమీ పోదు, కిడ్నీ గురించి ఇందులో తెలియదు. ఒకటి తప్పితే ఆ భాగం మళ్లీ చెప్పేవాళ్లం. ఒకామె అంతా సరిగ్గా చెప్పి చివర్లో, “ఇయ్యకపోతే పింఛను ఆగదు గదా?” అని అడిగింది. అంత విన్న తరువాత కూడా ఆ భయం ఉండిపోయింది, అడిగింది కాబట్టి తెలిసింది. అడగని వాళ్లలో ఎంతమందికి ఉండిపోయిందో నేను చెప్పలేను.

చదువు రాని వాళ్ల విషయంలో వేలిముద్రతో పాటు చదువు వచ్చిన సాక్షి సంతకం కావాలి. ఆ సాక్షి పత్రం చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి పక్కన ఉండాలి, మా బృందం మనిషి కాకూడదు. మొదట్లో మేము ఇంట్లో చదువుకున్న కొడుకునో మామనో సాక్షిగా పెట్టేవాళ్లం. కోడలు వద్దనాలనుకుంటే మామగారు సాక్షిగా ఉన్నచోట ఎలా అంటుంది? తరువాత ఆ ఇంటికి సంబంధం లేని చదువుకున్న ఆడవాళ్లను, వాళ్లు ఎవరికీ చెప్పబోమని మాట ఇచ్చాక, ఆడవాళ్లకు సాక్షులుగా పెట్టుకున్నాం. నిజానికి ఈ అధ్యయనానికి అసలు సమాచారం ఉన్నది వంట చేసే ఆడవాళ్ల దగ్గరే. ఎసట్లో ఏ నీళ్లు పోస్తున్నారో అరుగు మీద కూర్చున్న వాళ్లకు తెలియదు. సీసాను చేత్తో పట్టుకుని వీధిలో నడవడం వాళ్లకు నామోషీ అని తెలిశాక, ప్రతి సీసానూ ముదురు రంగు గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చి, మరునాడు ఉదయం ఆడమనిషే వెళ్లి తెచ్చే ఏర్పాటు చేశాం.

ఎస్సీ కాలనీకి పెద్దాయన అనుమతిని తీసుకుపోలేదు. కాలనీలో చాలామంది ఆయన పొలంలో పనికి వెళ్లేవాళ్లు. ఆయన పేరు చెబితే ఎవరూ కాదనరు, అందుకే చెప్పకూడదు. అక్కడి పెద్దలతో మళ్లీ మొదటి నుంచి, అదే సంభాషణ, ఊరి పేరు ప్రశ్నతో సహా జరిపాం. అక్కడ ఒక పెద్దావిడ అడిగింది, “నీళ్ల కాగితం మాకు గూడా ఇస్తారా, ఊళ్లోకిచ్చి పోతారా?” అని. కాలనీ బోరు ఫలితాన్ని కాలనీలోనే ఇస్తామని చెప్పి, ఎవరి చేతికి ఇవ్వాలో వాళ్లనే చెప్పమన్నాం.

మూడు నెలలన్నది నాలుగు నెలలైంది. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే ఫోను చేసి చెప్పాం. కాగితాల మీద అంకెతో పాటు, తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతిస్తారని రాశాం. ఆ బోరు దానికి లోపల ఉందో పైన ఉందో ఒక మాటలో రాశాం.

పెద్దాయనకు ఆయన బోరు కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. అంకె ప్రమాణానికి చాలా పైన ఉంది.

“తాగేది క్యాన్ నీళ్లే గదా. ఇంక నాకేం భయం?”

“తాగేది అదే అయితే తాగే నీళ్లకు భయం లేదు పెద్దయ్యా. ఈ కాగితం బోరు నీళ్లు వండటానికి వాడే ఇళ్లకు ముఖ్యం.”

“మా ఇంట్లో వంటకు ఏ నీళ్లు వాడుతున్నారు?”

నేను మాట్లాడలేదు.

“మా కోడల్ని గూడా అడిగింటావు గదా. ఏం చెప్పింది?”

“ఎవరిని అడిగానో, ఎవరు ఏం చెప్పారో చెప్పనని మీకు ముందే చెప్పాను పెద్దయ్యా. ఇంట్లోనే అడగండి.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వాకిలి వైపు తిరిగి, “అమ్మాయ్, ఒకసారి ఇట్టా రా తల్లీ” అని పిలిచారు. మిగిలిన కాగితాల సంచి తీసుకుని నేను అరుగు దిగాను.